లక్ష దాస్తే ఎంత మిగులుద్ది?

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఒక టైల్స్, గ్రానైట్ షాపులో నేను ఆరేళ్ళు లెక్కలు రాశాను. షాపు పేరు చెప్పను. ఓనరు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు, ఆ మర్యాద పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. కౌంటర్ మీద రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి జీఎస్టీ నంబరు అచ్చేసిన బిల్లు బుక్కు. రెండోది "ఎస్టిమేట్" అని మాత్రం రాసున్న పల్చటి పసుపు కాగితాల కట్ట. మద్దిపాడు నుంచో సంతనూతలపాడు నుంచో ఇల్లు కట్టుకునే మనిషి వచ్చి, నాలుగు డిజైన్లు తిరగేసి, ఖాయం చేసుకున్నాక చివర్లో గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటే: "బిల్లు లేకుండా అయితే ఎంతవుద్దన్నా?" అప్పుడు మా ఓనరు చెయ్యి ఏ పుస్తకం మీదికి పోతుందో చూడకుండానే చెప్పగలిగేవాణ్ణి.

ఆ చెయ్యి కదలిక గురించి అర్థశాస్త్రంలో ఒక మోడల్ ఉంది. 1972లో మైకేల్ ఆలింగ్‌హామ్, ఆగ్నర్ సాండ్మో అనే ఇద్దరు రాశారు. అంతకు నాలుగేళ్ళ ముందు గ్యారీ బెకర్ నేరాల గురించి చెప్పిన మాటనే వీళ్ళు పన్నుకి పట్టించారు. మనిషి పన్ను ఎగ్గొట్టేది చెడ్డవాడై కాదు, లెక్క వేసుకుని ఎగ్గొడతాడు అన్నది అందులో సారం. దొరక్కపోతే మిగిలేది ఎంత, దొరికే అవకాశం ఎంత, దొరికితే పోయేది ఎంత. ఈ మూడూ తక్కెడలో వేసుకుని ఎంత చూపాలో, ఎంత దాచాలో తేల్చుకుంటాడు.

ఈ మోడల్‌ని వెక్కిరించడం చదువుకున్నవాళ్ళలో ఒక అలవాటైపోయింది. "ఈ లెక్క ప్రకారం దేశంలో ఎవడూ పన్ను కట్టకూడదు, కానీ కడుతున్నారు కదా, కాబట్టి మనుషుల్లో నీతి ఉంది" అంటారు. నాకు నీతి మీద కోపం లేదు. కానీ ఆరేళ్ళు ఆ కౌంటర్ దగ్గర కూర్చున్నవాడిగా చెప్తున్నాను: మోడల్ సరైనదే. అందులో మనం వేస్తున్న అంకె తప్పు.

ముందు లెక్క చూద్దాం. ఒక వ్యాపారి లక్ష రూపాయల ఆదాయం దాచాడు. పన్ను 30 శాతం అనుకుందాం. సెస్సులు, వడ్డీలు వదిలేద్దాం. దొరక్కపోతే 30,000 మిగులు. దొరికితే ఆ 30,000 ఎలాగూ కట్టాలి, పైన జరిమానా. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఆదాయం తక్కువ చూపితే తప్పించుకున్న పన్నులో 50 శాతం జరిమానా, కావాలని తప్పు చూపితే 200 శాతం. వచ్చిన డబ్బు పుస్తకంలో రాయకపోవడం రెండో కోవలోకి వస్తుంది. మా పసుపు కాగితం అంటే అదే. కాబట్టి జరిమానా 60,000.

ఇప్పుడు తక్కెడ. దొరక్కపోతే 30,000 లాభం, దొరికితే 60,000 నష్టం. దొరికే అవకాశం మూడింట ఒకటి అయితే రెండు పక్కలా సమానం. అంతకన్నా తక్కువైతే దాచడమే లాభం. దొరికే అవకాశాన్ని p అని, జరిమానా తప్పించుకున్న పన్నుకి ఎన్ని రెట్లో దాన్ని s అని అనుకుంటే, మొత్తం కథ ఈ ఒక్క ముక్కలో ఉంది:

```
p × (1 + s) < 1   అయితే దాచడం లాభం
```

మరి మన దగ్గర దొరికే అవకాశం ఎంత? 2018-19 అసెస్‌మెంట్ సంవత్సరానికి వచ్చిన రిటర్న్‌లలో స్క్రూటినీకి, అంటే ఆఫీసరు విడిగా పరిశీలించడానికి, తీసినవి 0.25 శాతం అని ప్రభుత్వమే ప్రకటించింది. అంటే నాలుగు వందల్లో ఒకటి. నాలుగు వందల మంది తలా లక్ష దాస్తే, 399 మందికి తలా 30,000 చొప్పున కోటీ పంతొమ్మిది లక్షల 70 వేలు మిగులుతాయి. ఒక్కడు 60,000 పోగొట్టుకుంటాడు. ఆ ఒక్కణ్ణి చూసి మిగతా 399 మందీ భయపడాలంటే జరిమానా పన్నుకి 399 రెట్లు ఉండాలి. లక్ష దాచినవాడికి కోటీ పంతొమ్మిది లక్షల 70 వేల జరిమానా! వాడి షాపు, ఇల్లు, అత్తగారిచ్చిన పొలం కలిపి అమ్మినా రాదు.

"మనిషి పిరికివాడు, సగటు చూసుకోడు, పోయే రూపాయికి ఎక్కువ ఏడుస్తాడు" అంటారా? ఆ పిరికితనం కూడా మోడల్‌లో ఉంది. పోయే కొద్దీ ఒక్కో రూపాయి మరింత బరువయ్యే మనిషికి అర్థశాస్త్రంలో మామూలుగా వాడే లాగరిథం సూత్రం పెట్టి చూశాను. పది లక్షల ఆదాయం, మొత్తం మీద మూడు లక్షల పన్ను, నిజాయితీగా కడితే ఏడు లక్షలు మిగులు. నాలుగు వందల్లో ఒక అవకాశం దగ్గర ఆ పిరికివాడు 3,47,000 దాకా పన్ను ఎగ్గొట్టడానికి సిద్ధమని తేలింది. వాడు కట్టాల్సిందే మూడు లక్షలు! దొరికితే ఏడు లక్షల చోట లక్షే మిగులుద్దని తెలిసి కూడా, మొత్తం దాచెయ్యమనే లెక్క చెప్తుంది.

ఇక్కడిదాకా వచ్చి చాలామంది పుస్తకం మూసేస్తారు. లోకం ఇలా లేదు కాబట్టి మోడల్ అబద్ధం అని. నేను అడిగేది ఒకటే. ఆ 0.25 శాతం ఎవరి అవకాశం?

మా ఆవిడ టీచరు. ఆమె జీతంలో పన్ను ఆమె చేతికి రాకముందే కోసేస్తారు. ఎంత జీతమో, ఎంత కోశారో ట్రెజరీ నుంచి పన్ను శాఖకి పోతుంది. ఆమె రిటర్న్‌లో లక్ష తక్కువ రాస్తే స్క్రూటినీలో ఏ ఆఫీసరూ చూడనక్కర్లేదు. కంప్యూటరు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి తేడా ఉందని నోటీసు పంపుతుంది. ఆమెకి దొరికే అవకాశం నాలుగు వందల్లో ఒకటి కాదు, దాదాపు నూటికి నూరు. మా ఓనరు పసుపు కాగితం మీద అమ్మిన పెట్టెలకి ఇలాంటి రెండో అంకె ఎక్కడా లేదు. ఆ అమ్మకం గురించి తెలిసినవాళ్ళు ఇద్దరే, ఇద్దరికీ అది దాచడమే లాభం. ఒకే దేశం, ఒకే చట్టం, ఒకే జరిమానా. p మాత్రం ఇద్దరికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

మోడల్‌ని ఇలా చదివితే అది చెప్పే జోస్యం మారిపోతుంది. "అందరూ ఎగ్గొడతారు" అనదు. "రెండో కాగితం ఉన్న ఆదాయం చూపిస్తారు, లేనిదాన్ని దాస్తారు, ఒకే మనిషి రెండూ చేస్తాడు" అంటుంది. డెన్మార్క్‌లో దీన్ని పరీక్షించారు. అక్కడి పన్ను శాఖతో కలిసి హెన్రిక్ క్లెవెన్ అనే అర్థశాస్త్రవేత్త బృందం నలభై వేలకు పైగా మందిని తీసుకుని, అందులో కొందరిని చీటీ తీసినట్టు ఎంచుకుని పూర్తిగా ఆడిట్ చేయించింది. ఫలితాలు 2011లో వచ్చాయి. యజమానో బ్యాంకో విడిగా తెలియజేసే ఆదాయంలో ఎగవేత అర శాతం కూడా లేదు. తానే చెప్పుకుంటే తప్ప ఎవరికీ తెలియని ఆదాయంలో నూటికి నలభై దాకా ఉంది. డెన్మార్క్ వాళ్ళు నిజాయితీపరులని పేరు. కాగితం లేని చోట మా కర్నూలు రోడ్డు లాగే ఉన్నారు, నాకు కాస్త ఊరట కలిగింది.

మా ఓనరుకి డెన్మార్క్ సంగతి తెలియదు. కానీ ఆయన అమ్మకాలు చూస్తే ఆ పరిశోధన తానే రాసినట్టుండేది. రోడ్డు కాంట్రాక్టరు వస్తే నోరు తెరవకుండా బిల్లు బుక్కు తీసేవాడు. కాంట్రాక్టరుకి బిల్లు కావాలి, ఇన్‌పుట్ క్రెడిట్ కావాలి, అంటే మా బిల్లులో కట్టిన పన్ను తను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవాలి, మనం కట్టకపోతే ఆయన క్రెడిట్ ఆగుతుంది, ఆయనే ఫోన్ చేసి తిడతాడు. చీమకుర్తి నుంచి గెలాక్సీ బ్లాక్ పలకలు లారీలో వస్తే, విలువ 50,000 దాటింది కాబట్టి పన్ను శాఖ సైటులో నమోదయ్యే ఈ-వే బిల్లు ఉంటుంది. దాన్ని దాచాలనే ఆలోచనే ఓనరుకి వచ్చేది కాదు. ఇల్లు కట్టుకునేవాడికి క్రెడిట్ అక్కర్లేదు, తగ్గింపు కావాలి. పసుపు కాగితం వాడికి మాత్రమే. ఆయన రోజుకి పదిసార్లు మంచివాడిగా, పదిసార్లు దొంగగా మారేవాడు. మధ్యలో ఒక్కసారి కూడా మనసు మార్చుకున్నట్టు నాకు కనపడలేదు.

నేరుగా వాడుకునేవాడికి అమ్మే ఈ చివరి మెట్టు దగ్గరి జబ్బు మనదొక్కరిదే కాదు. చిలీలో దీనా పొమెరాంజ్ అనే అర్థశాస్త్రవేత్త లక్షకు పైగా సంస్థలకి "మీ మీద కన్నేసి ఉంచాం" అనే ఉత్తరాలు పన్ను శాఖ ద్వారా పంపించి, ఎవరు ఎంత ఎక్కువ కట్టారో చూసింది. ఒక వ్యాపారి ఇంకో వ్యాపారికి అమ్మే చోట ఉత్తరం వల్ల పెద్దగా మార్పు లేదు, అక్కడ కాగితమే ముందునుంచీ కాపలా కాస్తోంది. నేరుగా జనానికి అమ్మే చోట మాత్రం ఉత్తరం అందగానే చూపించిన అమ్మకాలు పెరిగాయి. అంటే దాచింది అక్కడే.

పన్ను రేటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే టీకొట్టు దగ్గర ఎవరిని అడిగినా "రేటు తగ్గిస్తే అందరూ కడతారు" అంటారు. పై సూత్రం మళ్ళీ చూడండి. అందులో రేటు లేదు. జరిమానా దాచిన పన్ను మీద లెక్కేసినప్పుడు రేటు పెరిగితే లాభమూ పెరుగుద్ది, జరిమానా కూడా అంతే పెరుగుద్ది, రెండూ కొట్టుకుపోతాయి. 1974లో ష్లోమో యిత్జాకీ అనే ఇంకో అర్థశాస్త్రవేత్త దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళాడు. పన్ను పెరిగితే మనిషి కొంచెం పేదవాడవుతాడు, పేదవాడైన కొద్దీ జూదానికి జంకుతాడు, కాబట్టి రేటు పెరిగితే ఎగవేత తగ్గాలి అని తేల్చాడు. వినడానికి పిచ్చిగా ఉంటుంది. అర్థశాస్త్రవేత్తలకీ ఇది మింగుడుపడలేదు. యిత్జాకీ చెప్పినంత దూరం నేను పోను గానీ, టీకొట్టు సిద్ధాంతం కన్నా ఇదే నిజానికి దగ్గర అని నా అనుభవం. 2017 నవంబరులో టైల్స్, గ్రానైట్ పలకల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఇక అందరూ బిల్లు అడుగుతారని ఓనరు కొడుకు కొత్త ప్రింటరు కూడా కొన్నాడు. నెల తిరిగేసరికి పసుపు కట్టలు పాత జోరులోనే ఖర్చయ్యాయి. "బిల్లు లేకుండా ఎంత?" అనే ప్రశ్న 28 దగ్గర ఎంత గట్టిగా ఉందో 18 దగ్గరా అంతే ఉంది. రేటు మారింది గానీ ఆ గదిలో మూడో మనిషి రాలేదు మరి.

మూడో మనిషి 2019లో వచ్చాడు. ఒక మధ్యాహ్నం జీఎస్టీ తనిఖీకి నలుగురు వచ్చి ముందు గోడౌన్ తాళాలు అడిగారు. పసుపు కాగితాల కోసం వెతకనే లేదు. వాళ్ళ దగ్గర మా కొనుగోళ్ళ లెక్క ఉంది, గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ ఫ్యాక్టరీలు మాకిచ్చిన ప్రతి బిల్లూ ఆ ఫ్యాక్టరీల రిటర్న్‌లో మా నంబరుతో ఉంటుంది కదా. రెండు రోజులు పెట్టెలు లెక్కపెట్టాం. దుమ్ముకి నా గొంతు పోయింది. ఏడాది మొదట్లో నిల్వ 1,200 పెట్టెలు. బిల్లుతో కొన్నవి 5,000. బిల్లుతో అమ్మినవి 3,900. గోడౌన్‌లో 2,300 ఉండాలి. 1,480 ఉన్నాయి. మిగతా 820 పెట్టెలు ఎక్కడ అని అడిగారు.

పగిలిపోయాయని ఓనరు అన్నాడు. ఆ మాటకి వచ్చినవాళ్ళలో ఒకాయన నవ్వి, ముక్కలైనా చూపించమన్నాడు. పెట్టె సగటున 600 చొప్పున 4,92,000 సరుకు. దాని మీద 18 శాతం అంటే 88,560. కావాలని దాచినట్టు తేలితే జీఎస్టీలో జరిమానా పన్నుకి సమానం, ఇంకో 88,560. మొత్తం 1,77,120, వడ్డీ వేరు. ఇక్కడ s ఒకటి కాబట్టి దొరికే అవకాశం సగం దాటితే తప్ప దాచడం మానక్కర్లేదని సూత్రం చెప్తుంది. సగం ఎక్కడ, ఆయన వ్యాపారం మొత్తంలో అదే మొదటి తనిఖీ.

అందుకే తనిఖీ తర్వాత ఆయన నేర్చుకున్న పాఠం నిజాయితీ గురించి కాదు. "అమ్మకం ఒక్కటీ దాస్తే కుదరదబ్బాయ్, కొనుగోలు కూడా దాచాలి" అన్నాడు నాతో. నిజమే, అది పక్కా ఆలోచన. కానీ దానికి ఫ్యాక్టరీ వాడు కూడా బిల్లు లేకుండా పంపాలి. వాడి కొలిమికి గ్యాస్ బిల్లు ఉంటుంది, ఎంత గ్యాస్‌కి ఎన్ని టైల్స్ కాలతాయో ఎవరైనా లెక్కెయ్యగలరు. లారీ వాడు ఈ-వే బిల్లు లేకుండా అంత దూరం రావాలి. ప్రతి మెట్టు దగ్గరా ఇంకొకడు తన మెడ పెట్టాలి. ఆర్నెల్లు ప్రయత్నించి ఆయనే వదిలేశాడు. గొలుసు పైనున్నవాళ్ళు కాగితం వదలరు కాబట్టి కిందున్నవాడు దాచగలిగేది తన చేతిలో పడే మార్జిన్ వరకే, అది కూడా "పగిలిపోయాయి" అనగలిగినంత మేరకే. తర్వాతి ఏడాది నుంచి మా పసుపు అమ్మకాలు ఆ హద్దులోనే ఉండేవి.

పొగాకు రైతులని అడిగితే ఈ సంగతి ఇంకా బాగా చెప్తారు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి వాళ్ళు దాచేదేమీ లేదనుకోండి, నేను మాట్లాడేది కొనేవాళ్ళ గురించి. టంగుటూరులోనో కందుకూరులోనో పొగాకు బోర్డు వేలం కేంద్రంలో ప్రతి బేలు తూకం, ధర, కొన్న కంపెనీ నమోదవుతాయి, డబ్బు రైతు ఖాతాలో పడుద్ది. ఆ ప్లాట్‌ఫారం మీద ఎంత కొన్నానో దాచాలంటే కొనేవాడికి దారి లేదు. అదే కొనేవాడు ఊళ్ళో ఇల్లు కట్టించుకునేటప్పుడు మా షాపుకి వచ్చి గొంతు తగ్గించడం నేను చూశాను.

"జరిమానా పెంచండి, జైల్లో వెయ్యండి" అనేవాళ్ళకి ఒక మాట. మోడల్ ప్రకారం జరిమానా పెంచడం చవక, ఆఫీసర్లని పెంచడం ఖర్చు. కాబట్టి కాగితం మీద జరిమానాయే తెలివైన దారి. కౌంటర్ ఇవతలి నుంచి చూస్తే అలా ఉండదు. 1,77,120 కట్టాల్సినవాడికీ, కట్టించాల్సినవాడికీ మధ్య టేబుల్ మీద ఉన్న మొత్తం ఎంత పెద్దదైతే, మధ్యేమార్గం వెతుక్కునే ఆశ ఇద్దరికీ అంత పెరుగుద్ది. మా విషయంలో అలా జరగలేదు, కట్టాం. ఇతరుల సంగతి వినికిడి, రాయను. మోడల్‌లో దొరకడం అంటే తేలిపోవడం. బయట దొరకడం అంటే బేరం మొదలవడం. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1995లో కొందరికి "ఈసారి మీ రిటర్న్ నిశితంగా పరిశీలిస్తాం" అని ముందే ఉత్తరం రాసింది. కింది, మధ్య ఆదాయాలవాళ్ళు ఎక్కువ చూపించారు. బాగా ఉన్నవాళ్ళు తక్కువ చూపించారు! ఆడిట్ అంటే వాళ్ళకి తీర్పు కాదు, బేరానికి మొదటి ధర అని దాన్ని పరిశీలించిన పరిశోధకులే అర్థం చెప్పారు. మా ఊళ్ళో కూరగాయల బేరం ఆడేవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఏముంది.

ఇక ఇప్పుడు ఫోన్ పే కాలం. ఇల్లు కట్టుకునేవాడు కూడా క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తున్నాడు, బ్యాంకు అనే మూడో మనిషి తెలియకుండానే గదిలోకి వచ్చేశాడు. 2025లో బెంగళూరులో చిన్న వ్యాపారులకి యూపీఐ జమలు చూపించి కర్ణాటక పన్ను శాఖ నోటీసులిస్తే, కొద్ది రోజుల్లోనే కొట్ల ముందు "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" బోర్డులు లేచాయి. దాన్ని కొందరు అమాయకత్వం అన్నారు, కొందరు మోసం అన్నారు. నాకది ఆలింగ్‌హామ్, సాండ్మోల లెక్క అట్ట ముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసినట్టు కనపడింది. p పెరిగింది, వెంటనే p తక్కువున్న దారికి మళ్ళారు. మోడల్ చెప్పనిది ఒకటుంది. గిరాకీ తగ్గితే ఆ బోర్డు ఎన్నాళ్ళుంటుంది అన్నది. దాచడానికి కూడా కొనేవాడి దగ్గర నోట్లు ఉండాలి కదా. ఒంగోల్లో మా ఓనరు కొడుకు అలాంటి బోర్డు పెడదామంటే పెద్దాయన ఒప్పుకోలేదు, "గిరాకీ పక్క షాపుకి పోద్దిరా" అన్నాడట.

పోయినేడు మా ఇంట్లో బాత్రూమ్ మళ్ళీ కట్టించాం. అదే షాపుకి వెళ్ళాను. పన్నెండు పెట్టెలు. కౌంటర్‌లో కొత్త కుర్రాడు, నేనెవరో తెలియదు. పసుపు కట్ట మీద చెయ్యి పెట్టి, "బిల్లు కావాలా సార్, మామూలుగా రాసెయ్యనా?" అన్నాడు. ఇంటి మరమ్మతుకి బ్యాంకు లోను తీసుకున్నాను, వాళ్ళు ఖర్చుకి బిల్లులు జత చెయ్యమన్నారు. బిల్లు రాయించుకున్నాను. అక్కణ్ణించి రెండు కొట్ల అవతల కుళాయిలు, పైపులు తీసుకున్నాను. ఆ ఖర్చు లోను కాగితాల్లో లేదు. ఆ కొట్టాయన అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు, మూడు వందలు తగ్గించాడు.